తామర కాదు, ఇనుము మరక

దోశె మాస్టరు ఒకాయన మూడేళ్లపాటు ఎడమ కాలికి తామర మందు రాసుకున్నాడు. వయసు 54. తెల్లవారుజామున నాలుగింటికి పెనం ముందు నిలబడితే పన్నెండు దాటితే గానీ కూర్చోడు. మళ్లీ సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా అదే పెనం. నా దగ్గరకు వచ్చేనాటికి ఆ కాలి చీలమండకు పైన, లోపలివైపు జానెడు మేర చర్మం వక్క రంగుకు తిరిగి ఉంది. దాని మీద గోళ్లతో గీరిన చారలు, అక్కడక్కడ పొట్టు, కాస్త చెమ్మ. పిక్క మీద పొట్లపాదు తీగల్లా మెలికలు తిరిగి ఉబ్బిన రక్తనాళాలు.

"ఎన్ని ట్యూబులు మార్చామో లెక్కలేదండీ. రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు" అంది ఆయన భార్య.

నేను ఒక్కటే అడిగాను. పొద్దున నిద్ర లేచేసరికి వాపు ఉంటుందా?

"పొద్దున ఉండదు సార్. రాత్రి ఇంటికెళ్లే వేళకి చెప్పు పట్టదు."

రోగం పేరు ఆ జవాబులోనే ఉంది. చర్మం మీద కనిపిస్తున్నా ఇది చర్మంలో పుట్టిన జబ్బు కాదు. కాలి సిరల్లో రక్తం నిలిచిపోవడం వల్ల వచ్చింది. మనవాళ్లు వీటిని 'నరాలు ఉబ్బాయి' అంటారు గానీ నరాలకు దీనితో సంబంధం లేదు. ఉబ్బినవి చెడు రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు.

బావిలో మోటారు దించిన రైతుకు ఈ సంగతి నిమిషంలో అర్థమవుతుంది. ఫుట్‌వాల్వు పాడైతే పైకి ఎక్కిన నీళ్లు మళ్లీ కిందికి జారిపోతాయి. కాలి సిరల్లోనూ అలాంటి కవాటాలు వరసగా ఉంటాయి. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి రక్తాన్ని పైకి పిండుతుంది, ఎక్కింది దిగకుండా కవాటం మూసుకుంటుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే చెప్పాలంటే, 90 దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఆరోగ్యవంతుడికి అది 30కి, ఇంకా కిందికి పడిపోతుంది. కవాటాలు చెడినవాళ్లకు నడిచినా 60కి అటూ ఇటూగానే నిలిచిపోతుంది. దోశె మాస్టరుకు నడకా లేదు, కవాటాలూ లేవు.

అంత ఒత్తిడికి సన్నటి రక్తనాళాల గోడల్లోంచి నీరు ఊరుతుంది. అదే వాపు. నీటితోపాటు ఎర్రకణాలూ బయటికి జారి అక్కడే చితికిపోతాయి. వాటిలోని ఇనుము చర్మంలో ఇంకిపోతుంది. ఇనపమేకు దిగిన గోడకు పట్టే మరకలాంటిదే ఆ వక్క రంగు. చర్మం లోపల మంట రగులుతూ ఉంటుంది కాబట్టి దురద. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి కొవ్వు, చర్మం కలిసి చెక్కలా గట్టిపడతాయి. ఆ స్థితిలో ఉన్న చర్మానికి సరైన పోషణ అందదు. దోమకాటును గీరినా, మంచం కోడు తగిలినా చాలు, పుండు పడుతుంది. పడితే నెలలు మానదు.

కోస్తా జిల్లాల్లో కాలు వాచిందంటే ముందు బోదకాలు అనుకుంటారు. ముదిరిన బోదకాలు వాపు రాత్రి పడుకున్నంత మాత్రాన దిగదు. పాదం పైభాగం, వేళ్లు కూడా ఉబ్బుతాయి. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ మాత్రతోనూ చీలమండలు వాయవచ్చు, అయితే అది సాధారణంగా రెండు కాళ్లకూ ఉంటుంది, ఈ మరక ఉండదు. ఒక కాలు ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వాచి పిక్క నొప్పి పెడితే మాత్రం లోపల రక్తం గడ్డకట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి.

మాస్టరుకు నేను మొదట చెప్పింది కాళ్లు ఎత్తి పెట్టుకోమని. "రోజూ పెట్టుకుంటాను సార్, ఎదురుగా స్టూలు వేసుకుని టీవీ చూస్తాను" అన్నాడు. చాలామంది పొరపాటు ఇదే. స్టూలు మీద పెట్టిన పాదం నడుము ఎత్తుకు వస్తుంది, గుండె ఇంకా పైనే ఉంటుంది. నీరు పల్లానికే కదా పారేది. వెల్లకిలా పడుకోవాలి. పిక్కల నుంచి మడమల దాకా కింద రెండు మూడు దిండ్లు పెట్టి, పాదాలు ఛాతీ కంటే ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. అరగంట చొప్పున రోజుకు మూడుసార్లు. రాత్రి మంచానికి పాదాలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెడితే ఆరంగుళాలు లేస్తుంది. మధ్యాహ్నం ఆయనకు ఎలాగూ ఐదు గంటలు ఖాళీ. ఆ టీవీ కుర్చీలోంచి మంచం మీదికి మారడమే చికిత్స. ఫలితం తెలియాలంటే దర్జీ టేపుతో చీలమండ పైన ఒకేచోట పొద్దున, రాత్రి చుట్టుకొలత రాసుకోమన్నాను. రెండు అంకెల మధ్య తేడా వారం వారం తగ్గాలి.

ఇది అందరికీ పనికిరాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు కాళ్లెత్తి పడుకుంటే ఆయాసం రావచ్చు. షుగరు, పొగతాగే అలవాటు ఉండి, పాదాలు చల్లగా ఉండి, ఎత్తగానే పాలిపోయి నొప్పెడితే కాలికి రక్తం తెచ్చే ధమనులే మూసుకుపోతున్నట్టు. అలాంటి కాలికి బిగువు మేజోడు ప్రమాదం. అందుకే మేజోళ్లు రాసేముందు చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తాం. అది చేతి బీపీలో 80 శాతం కంటే తక్కువుంటే మామూలు బిగువు పెట్టం.

ఆయనకు ఆ లెక్క బాగానే వచ్చింది. మోకాలి కిందిదాకా వచ్చే, 20-30 ఒత్తిడి గల మేజోళ్లు రాశాను. మంచం దిగకముందే, వాపు ఎక్కకముందే తొడుక్కోవాలి. ఆరు నెలలకు వాటి సాగుడు చస్తుంది, కొత్తవి కొనాలి. ట్యూబులన్నీ పారేయించి, దురదకు పది రోజులే స్టెరాయిడు పూత, ఆ తర్వాత వట్టి వాజిలీను చాలన్నాను. నియోమైసిన్ కలిసిన ఆయింట్‌మెంట్లు ఇలాంటి చర్మానికి తరచూ పడవు, దురదను ఇంకా పెంచుతాయి.

రెండు నెలలు బాగా చేశాడు. ఎండలు ముదిరాక పెనం సెగకు తట్టుకోలేక మేజోడు విప్పేశాడు. ఆ కష్టం నిజమైనదే, నేను తప్పుపట్టలేను. మూడు వారాలకు గ్యాస్ బండ అంచు గీరుకుని చీలమండ పైన రూపాయి బిళ్లంత పుండు పడింది. లోతు లేదు, నీరు మాత్రం ఆగకుండా కారేది. గాలి తగిలితే ఆరుతుందని ఇంట్లో తెరిచి ఉంచారు. ఈ పుండు గాలికి ఆరదు, ఒత్తిడి దిగితేనే మానుతుంది. వేళ్ల మొదలు నుంచి మోకాలి దాకా పొరలు పొరలుగా పట్టీ కట్టి వారం వారం మార్చాం. పదకొండు వారాలు పట్టింది. నిలబెట్టి తీసిన డాప్లర్ స్కానులో తొడ లోపలి పెద్ద సిర కవాటాలు చెడినట్టు తేలడంతో లేజరుతో దాన్ని మూయించాం. ఇది ముందే చేయించి ఉండాల్సింది. ఇంగ్లండులో 450 మందిపై చేసిన పరిశీలన 2018లో వెలువడింది. త్వరగా సిర మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లోనే మానింది, ఆలస్యం చేసినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది.

ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే భయపడి తొడకు తాడు కట్టకండి. పడుకోబెట్టి, కాలు ఎత్తి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటునే పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి, ఆగాక ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీ ఇంట్లో వంటవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, బట్టల కొట్లో నిలబడేవాళ్లు, బడిపంతుళ్లు ఎవరున్నా ఈ రాత్రి వాళ్ల చీలమండల లోపలివైపు ఒకసారి చూడండి. వక్క రంగు మచ్చ కనిపిస్తే ట్యూబు కొనకముందే సిరల డాక్టరుకు చూపించండి.