ఈ ఫొటో చూసి తినకండి

పొలంలో మొలిచిన పుట్టగొడుగు, కింద ఒక్క అక్షరం వ్యాఖ్య లేదు. తినొచ్చా అని అడిగితే ‘చెప్పం’ అనడమే ఎందుకు సరైన జవాబు?

“వానాకాలం సంచికకి పుట్టగొడుగుల మీద ముఖచిత్ర కథనం కావాలండీ. బుధవారం సాయంత్రానికల్లా ఇచ్చేయండి. ఫొటో చూస్తేనే నోరూరుతోంది. తినొచ్చో లేదో ఒక్క ముక్క రాయండి, పక్కన కూర చేసే విధానం పెట్టేద్దాం” అన్నారు ఎడిటర్‌గారు.

ఫొటో నిజంగానే బాగుంది. పుట్టకొక్కుల కూరంటే నాకు ప్రాణం కూడా. అయినా ఆ ఒక్క ముక్కే రాయలేకపోయాను. ఈ కథనమంతా ఎందుకు రాయలేనన్న దాని గురించే.

ముందు ఫొటోలో ఏముందో చూద్దాం. గడ్డి మధ్య తెల్లటి గొడుగు. నడినెత్తిన గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ అంచుల దాకా చెదురుమదురుగా అదే రంగు పొలుసులు. కాడ పైభాగాన ఉంగరంలాంటి పొర సగం కనిపిస్తోంది. కాడ మొదలు గడ్డిలో మునిగిపోయింది. పైనుంచి కాస్త ఏటవాలుగా తీసిన బొమ్మ కావడంతో గొడుగు అడుగు కనిపించదు. ఏ ఊరో, ఏ నెలో, ఎవరు తీశారో రాయలేదు. పక్కన అగ్గిపెట్టె లేదు, నాణెం లేదు, చెయ్యి లేదు.

చాలామంది దీన్ని చూడగానే పుట్టకొక్కే అంటారు. మనం ఇష్టంగా తినే ఆ రకాలు టెర్మిటోమైసిస్ అనే ప్రజాతివి. చెదలు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి, వానలు పడ్డాక అది నేలను చీల్చుకుని గొడుగై పైకి వస్తుంది. దాని కాడ నేల మట్టంతో ఆగదు. వేరులా సాగి, ఒక్కోసారి మూరెడు లోతున ఉన్న చెదల గూటి దాకా దిగుతుంది. నెత్తిన మొనదేలిన బొడిపె ఉంటుంది. చాలా రకాలకు ఉంగరం ఉండదు, కానీ ఉన్నవీ ఉన్నాయి. పోనీ వేరును బట్టి తేల్చుకుందామా అంటే, పుట్టలోంచి చెదలు బయటపడేసిన గూటి ముక్కల మీద వందల్లో మొలిచే చిట్టి రకానికి ఆ పొడవాటి వేరే ఉండదు. ఒక్క గుర్తు పట్టుకుని అవుననీ కాదనీ అనలేకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

ఉంగరం, పొలుసులు చూస్తే నాకు వేరే మూడు పేర్లు తట్టాయి. మొదటిది మాక్రోలెపియోటా. ఇందులో తినదగినవి ఉన్నాయి. రెండోది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. వానలకు పచ్చికల్లో, పొలం గట్ల మీద మొలుస్తుంది, తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మూడోది లెపియోటా ప్రజాతిలోని చిన్న రకాలు. వాటిలో కొన్నింటికి మనిషి కాలేయాన్ని చంపే విషం ఉంది. మూడింటికీ లేతరంగు గొడుగు, నడుమ ముదురు మచ్చ, చుట్టూ పొలుసులు, కాడకి ఉంగరం.

మొదటి రెంటికీ మూడోదానికీ కొట్టొచ్చినట్టు కనిపించే తేడా పరిమాణం. క్లోరోఫిల్లమ్ విప్పారితే అరచేతికంటే పెద్దదవుతుంది. ప్రాణం తీసే లెపియోటాలు చాలావరకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల వెడల్పే ఉంటాయి. చేతిలో పట్టుకుంటే చిన్నపిల్లలకు కూడా తెలిసే ఈ తేడా ఫొటోలో పూర్తిగా మాయమైపోతుంది. దగ్గరగా తీస్తే చిన్నది పెద్దదై కూర్చుంటుంది. పక్కన నాణెం లేదని నేను బాధపడింది అందుకే.

ఇక మొదటి రెంటి మధ్య తేడా ఫొటోలో కనిపించని చోట ఉంది. గొడుగు అడుగున పలచటి రేకులుంటాయి కదా, క్లోరోఫిల్లమ్‌లో అవి ముదిరాక బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. వాటి నుంచి రాలే సిద్ధబీజాల పొడి కూడా ఆకుపచ్చే. ఆ రంగు పొడి రాల్చే పుట్టగొడుగులు అరుదు కనుక అది గట్టి గుర్తు. కానీ లేతగా ఉన్నప్పుడు ఆ రేకులు తెల్లగానే ఉంటాయి. కాబట్టి ఎవరైనా రెండో ఫొటో తీసి పంపి “అడుగు తెల్లగానే ఉందండీ” అన్నా, తేలేది ఏమీ లేదు.

ఇంకో అనుమానం కాడ మొదట్లో ఉంది. అమనిటా ప్రజాతిలోని కొన్ని విషపు రకాలకు మట్టిలో, కాడ చుట్టూ తిత్తిలాంటి తొడుగు ఉంటుంది. గొడుగును పట్టి పుటుక్కున విరిస్తే ఆ తిత్తి నేలలోనే ఉండిపోతుంది. ఇంటికి వచ్చేది అందమైన గొడుగు, నున్నటి కాడ మాత్రమే. మన ఫొటోలో మొదలు గడ్డి చాటున ఉంది.

అంటే, ఫొటోను ఎంత జాగ్రత్తగా చదివితే అంత అనుమానం పెరిగింది. మంచి ఫొటో ఒక్కోసారి ‘వద్దు’ అని చెప్పగలదు. ఆకుపచ్చ రేకులో, కాడ మొదట తిత్తో కనిపిస్తే చాలు, పక్కన పెట్టేయవచ్చు. ‘తిను’ అని మాత్రం ఏ ఫొటో చెప్పలేదు. పైగా ఫొటోలో ఉన్నది ఒక్కటి, బుట్టలో ఉన్నవి ఇరవై. పక్కపక్కనే రెండు రకాలు మొలవడం మామూలే. ఒకదాన్ని సరిగ్గా గుర్తుపట్టినా మిగతా పంతొమ్మిదికీ ఆ హామీ వర్తించదు.

పొరపడితే ఏమవుతుందో చూడండి. అమటాక్సిన్ అనే విషం అమనిటాలో కొన్నింటిలోనూ, చిన్న లెపియోటాలలో కొన్నింటిలోనూ ఉంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. ఒక కుటుంబం ఆదివారం రాత్రి ఎనిమిదింటికి కూర తిన్నదనుకుందాం. రుచి బాగుంటుంది, అందరూ హాయిగా పడుకుంటారు. ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఏమీ కాదు. సోమవారం తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. సెలైన్ ఎక్కిస్తారు. మంగళవారానికి తేరుకున్నట్టే ఉంటుంది, ఇంటికి పంపేయమని అడుగుతారు. మోసం జరిగేది అప్పుడే. కణాలు ప్రోటీన్లు తయారుచేసుకోవడానికి కావలసిన ఎంజైమును ఆ విషం ఆపేస్తుంది కనుక, పైకి కులాసాగా ఉన్నా లోపల కాలేయ కణాలు చనిపోతూ ఉంటాయి. బుధ, గురువారాలకు కళ్లు పచ్చబడతాయి, రక్తం గడ్డకట్టదు, మనిషి మగతలోకి జారిపోతాడు. ఖాయంగా పనిచేసే విరుగుడు లేదు. కాలేయ మార్పిడి దాకా వెళ్లిన వాళ్లున్నారు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లు.

చరిత్రకు ఇక్కడ చోటు తక్కువ కనుక గబగబా చెప్పేస్తాను. పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరవ చార్లెస్ 1740లో పుట్టగొడుగుల వంటకం తిన్నాక జబ్బుపడి పోయాడని అంటారు. ఆకుపచ్చ పొడి రాల్చే క్లోరోఫిల్లమ్‌ను 1818లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త మేయర్ వర్ణించాడు. అమటాక్సిన్లలో ముఖ్యమైనదాన్ని 1941లో జర్మనీలో వేరుచేశారు. టెర్మిటోమైసిస్‌కు 1942లో ఆ పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే ఎయిమ్.

ఇక ఎడిటర్‌గారు అడిగిన ఒక్క ముక్క సంగతి. “బహుశా ఇది ఫలానాది కావచ్చు, నిర్ధారించుకుని తినండి” అని రాసి తప్పించుకోవచ్చు. అది మర్యాదగా ఉంటుంది, కానీ ప్రమాదం. అడిగే మనిషి దగ్గర పుట్టగొడుగులు అప్పటికే కోసి ఉంటాయి. పొయ్యి దగ్గర నిలబడ్డ వాళ్లకు ‘బహుశా’ వినబడదు, ‘ఫలానాది’ మాత్రం వినబడుతుంది. ఆ పేరుతో వెతికితే వండే విధానం కూడా దొరుకుతుంది. అందుకే ఫొటో చూసి తినదగిన రకం పేరు చెప్పడమంటే తినమని చెప్పడమే. పేరు చెప్పకుండా “మా ఊళ్లో ఇలాంటివే తింటాం” అన్నా ఫలితం అదే.

“పోయినేడు తిన్నాం, ఏమీ కాలేదు” అనే మాటకూ జవాబుంది. క్లోరోఫిల్లమ్ విషంలో ప్రోటీన్ పాలు ఉంది. బాగా ఉడికితే కొంత బలం తగ్గవచ్చు, పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. పైగా అందరి ఒళ్లూ ఒకేలా స్పందించవు. ఒకింట్లో ఇద్దరు పడిపోయి ఇద్దరు నిక్షేపంగా ఉండడం అందుకే. పోయినేడు తిన్నదీ ఇప్పుడు కోసిందీ ఒకటేనన్న రుజువు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

కాబట్టి నిరాకరణ పొట్టిగా ఉండాలి: “ఫొటో చూసి చెప్పలేం. తినకండి.” తర్వాత “అయితే”, “కానీ” తగిలించకూడదు. ఎవరైనా బతిమాలితే అదే మాట మళ్లీ చెప్పాలి.

పెట్టె 1: వంటింటి పరీక్షలు పనికిరావు

వెల్లుల్లి నల్లబడితే విషం, వెండి చెంచా నల్లబడితే విషం, పురుగు తింటే మనమూ తినొచ్చు. ఈ మూడూ తప్పే. అమటాక్సిన్ వెండినీ వెల్లుల్లినీ నల్లబరచదు. మనుషుల్ని చంపే పుట్టగొడుగుల్ని నత్తలు తింటాయి.

పెట్టె 2: పొడి ముద్ర (చూడటానికే, తినడానికి కాదు)

సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, కాడ కోసేసిన గొడుగును రేకులు కిందికి ఉండేలా వాటి మీద ఉంచండి. గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దుటికి పొడి రంగు కనిపిస్తుంది. టెర్మిటోమైసిస్‌ది లేత గులాబీ, అమనిటాది తెలుపు, ముదిరిన క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ. రంగు కలిసినంత మాత్రాన తినదగినదని కాదు, గులాబీ పొడి రాల్చే విషపు రకాలూ ఉన్నాయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

పెట్టె 3: తినేసి ఉంటే

వాంతులయ్యేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన పుట్టగొడుగుల్ని, పారేసిన కాడలతో సహా కాగితం సంచిలో పట్టుకెళ్లండి, ప్లాస్టిక్‌లో కుళ్లిపోతాయి. ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి బాధ మొదలైంది, ఇంకెవరు తిన్నారు అన్నవి రాసి డాక్టరుకివ్వండి. ఆరు గంటలు దాటాక మొదలైతే కాలేయం మీద అనుమానం పెరుగుతుంది. ముందే మొదలైతే భయం లేదని కాదు, రెండు రకాలు కలిపి తిని ఉండొచ్చు. తగ్గినట్టు అనిపించినా కాలేయ పరీక్షలు చేయించకుండా ఇంటికి రాకండి.

ఈ సంచికలో కూర చేసే విధానం లేదు, ఎడిటర్‌గారు ఒప్పుకున్నారు. పుట్టగొడుగుల కూర తినాలనిపిస్తే పెంపకందారులు పండించినవి కొనుక్కోండి. పొలంలో దొరికినదాని ఫొటో మాకు పంపి తినొచ్చా అని అడగకండి. మీ ఫోనుకు ఎవరైనా అలాంటిది పంపితే, ఎంత తెలిసినవారైనా సరే, మీరూ చెప్పకండి.