చారలు ఎందుకు చెరిగిపోతాయి?

ఒక కణం గమ్యాన్ని చేరడానికి రెండు మార్గాలు తెరిచి ఉన్నప్పుడు, క్వాంటం సిద్ధాంతం ఆ రెండు మార్గాల సంభావ్యతలను నేరుగా కూడదు. ముందుగా రెండు మార్గాల తరంగాలను కలిపి, ఆ మొత్తాన్ని వర్గం చేస్తుంది. అందువల్ల మామూలు లెక్కలో కనిపించని అదనపు పదం ఒకటి వచ్చి చేరుతుంది. దానిని వ్యతికరణ పదం అంటారు. తెర మీద ఒకచోట కణాలు ఎక్కువగా, పక్కనే తక్కువగా పడి చారలు ఏర్పడటానికి అదే కారణం. ఇటుకలకూ ఇసుక రేణువులకూ ఇదే సిద్ధాంతం వర్తిస్తున్నప్పటికీ వాటి విషయంలో ఆ చారలు ఎన్నడూ కనిపించకపోవడానికి గల కారణాన్ని వివరించేదే డీకోహెరెన్స్.

దీనిని 1970లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త డీటర్ జే చర్చకు తెచ్చారు. 1980ల ఆరంభంలో వోజ్చెక్ జురెక్ విస్తరించారు. వారు గుర్తించినది ఇది: కణం ఒంటరిగా ఉండదు, దారిలో ఎదురైన గాలి అణువో, కణమే వెలువరించిన కాంతికణమో ఆ కణం ఏ మార్గాన ఉన్నదనే ఆనవాలును తనతో తీసుకుపోవచ్చు. మొదటి మార్గంలో కణం పరిసరాలను ఒక స్థితిలోను, రెండవ మార్గంలో మరొక స్థితిలోను వదిలితే, వ్యతికరణ పదం ఆ రెండు స్థితుల మధ్య ఉన్న పోలికతో గుణితమవుతుంది. రెండూ ఒకటే అయితే చారలు చెక్కుచెదరవు. పూర్తిగా వేరైతే ఆ పదం సున్నా అవుతుంది. ఆ ఆనవాలును ఎవరైనా చదివారా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. పరిశీలకుడి చైతన్యాన్ని ఈ చర్చలోకి లాగడం అనవసరమైన శ్రమ.

కణాన్ని పరిసరాలు ఎంత బలంగా కుదిపాయన్నదాని కంటే, మార్గాన్ని ఎంత సూక్ష్మంగా నమోదు చేశాయన్నదే ముఖ్యమని వియన్నా విశ్వవిద్యాలయంలో ఫుల్లరీన్ అణువులపై జరిగిన ప్రయోగాలు చూపాయి. 1999లో అక్కడి బృందం 60 కార్బన్ పరమాణువులు గల అణువులను కొలిమిలో ఆవిరి చేసి, 100 నానోమీటర్ల ఎడంతో చీలికలున్న గ్రేటింగు గుండా పంపి, అవతల చారలను చూసింది. కొలిమి నుంచి వచ్చిన ఆ అణువులు చాలా వేడిగా ఉండి, దారిలో పరారుణ కాంతికణాలను వెలువరించగలవు. అయినా చారలు నిలిచాయి. ఆ కాంతి తరంగదైర్ఘ్యం కొన్ని మైక్రోమీటర్లు కాగా చీలికల మధ్య దూరం అందులో చాలా చిన్న భాగం మాత్రమే, కాబట్టి ఆ కాంతికణం అణువు ఏ చీలిక వైపు ఉందో తేల్చి చెప్పలేదు.

2004లో అదే నగరంలో 70 పరమాణువుల ఫుల్లరీన్‌తో ఈ తర్కాన్ని మరొక వైపు నుంచి పరీక్షించారు. ఈసారి వరుసగా మూడు గ్రేటింగులను అమర్చారు. వాటి చీలికల ఎడం సుమారు ఒక మైక్రోమీటరు. మూడవ గ్రేటింగును కొద్దికొద్దిగా పక్కకు జరుపుతూ పోతే, దానిని దాటి వచ్చే అణువుల సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల తేడాయే చారల స్పష్టతకు కొలమానం. అణువులు మొదటి గ్రేటింగును చేరకముందే వాటిని లేజర్ కాంతితో వేడి చేయగా, ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ అవి మరిన్ని కాంతికణాలను, అదీ తక్కువ తరంగదైర్ఘ్యంతో, వెలువరించాయి. 3000 కెల్విన్ల దరిదాపుల్లో ఆ తరంగదైర్ఘ్యం మార్గాల మధ్య దూరంతో సరితూగే స్థాయికి దిగివచ్చి, హెచ్చుతగ్గులు దాదాపు మాయమయ్యాయి. చారలు క్షీణించిన తీరు డీకోహెరెన్స్ లెక్కతో సరిపోయింది.

అంతకుముందు సంవత్సరం అదే తరహా పరికరంలోకి స్వల్పంగా వాయువును వదిలి చూశారు. పీడనం వాతావరణ పీడనంలో వంద కోట్లలో ఒక వంతు స్థాయికి చేరేసరికే చారలు బాగా పలచబడ్డాయి, ఎందుకంటే వాయు అణువు తరంగదైర్ఘ్యం చాలా చిన్నది కనుక ఒక్క తాకిడితోనే మార్గం నమోదైపోతుంది.

ఇక 10 మైక్రోమీటర్ల ధూళి రేణువు సంగతి చూస్తే, మామూలు గాలిలో దానిని సెకనుకు సుమారు 10¹⁸ సార్లు అణువులు తాకుతాయి. గాలినంతటినీ తొలగించి, చీకటిలో ఉంచి, విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వికిరణం ఒక్కటే మిగిలేలా చేసినా, తన వెడల్పు అంత దూరంలో రెండు చోట్ల ఉన్న స్థితిని ఆ రేణువు సుమారు ఒక సెకను కంటే ఎక్కువ సేపు నిలుపుకోలేదని 1985లో యోస్ అనే శాస్త్రవేత్తతో కలిసి జే వేసిన అంచనాలను బట్టి తెలుస్తుంది. అయితే పరిమాణమే అడ్డుగోడ అనుకోవడం పొరపాటు. పరిసరాల నుంచి తగినంతగా వేరుచేయగలిగితే పెద్ద అణువులూ చారలు చూపుతాయి. 2019లో సుమారు 2000 పరమాణువులు గల అణువులతో అదే వియన్నాలో దీనిని నిరూపించారు.

నిజానికి తరంగాల మధ్య సంబంధం నశించిపోదు. అది కణానికీ చెల్లాచెదురైన కాంతికణాలకూ మధ్య ఉమ్మడిగా మిగిలి ఉంటుంది, వాటన్నిటినీ తిరిగి ఏరి తేవడమే ఆచరణలో అసాధ్యం. పైగా డీకోహెరెన్స్ వ్యతికరణ పదాన్ని మాత్రమే తొలగిస్తుంది. మిగిలిన రెండు సంభావ్యతలలో ఒకే ఒకటి ఎందుకు వాస్తవమైందన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. దానిపై శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం నేటికీ లేదు.