ఏది ముందు పరీక్షించాలి?

బస్సు టికెట్ల యాప్ కొత్త వెర్షన్ విడుదలకు మూడు రోజులే ఉంటే అన్నింటినీ సమానంగా పరీక్షించలేం. అందుకే టెస్టర్లు, ప్రోగ్రామర్లు కలిసి ప్రతి ఫీచర్‌కీ 1 నుంచి 5 వరకు రెండు మార్కులు వేస్తారు: చెడిపోయే అవకాశం ఎంత, చెడితే నష్టం ఎంత. చెల్లింపుల కోడ్ ఈసారే మారింది కాబట్టి అవకాశం 4, నష్టం 5, గుణిస్తే 20. ఎక్కువ సమయం దానికే. డబ్బు కట్ అయ్యాక నెట్ పోతే, బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుందో చూస్తారు.

కొత్తగా రాసిన ప్రొఫైల్ ఫొటో ఫీచర్‌కు అవకాశం 5, నష్టం 1. ఏళ్లుగా మారని టికెట్ రద్దుకు అవకాశం 1, నష్టం 5. రెండింటికీ 5 వచ్చినా అవి సమానమంటే నేనొప్పుకోను. నష్టం 5 ఉన్నదానికి కనీస పరీక్ష తప్పనిసరి. విడుదలయ్యాక తక్కువ మార్కుల చోటే తప్పులు బయటపడుతుంటే, అంచనా తప్పిందన్నమాట. మార్కులు మళ్లీ వేయాలి.