చివరి లారీలో ఎంత కాంక్రీట్?

నేల బలం తక్కువగా ఉన్నచోట ఇంజనీర్లు విడివిడి పునాదులకు బదులు స్థలమంతా ఒకే మందపు పలకగా రాఫ్ట్ వేయిస్తారు. దాన్ని మధ్యలో ఆపకుండా ఒకే విడతలో పోయాలి. అందుకే రెడీమిక్స్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎంత కావాలన్నదే కాదు, ఏ వేగంతో రావాలన్నదీ ముందే తేల్చుకోవాలి.

40 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, అడుగున్నర మందం ఉన్న రాఫ్ట్‌ను తీసుకుందాం. మొత్తం 3,000 ఘనపుటడుగులు. ఒక క్యూబిక్ మీటరంటే 35.3 ఘనపుటడుగులు కాబట్టి 85 క్యూబిక్ మీటర్లు. ఇది డ్రాయింగ్ చెప్పే లెక్క.

వృథా కింద చాలామంది రెండు మూడు శాతం కలిపి ఊరుకుంటారు. కానీ ఎక్కువ కాంక్రీట్ తినేది నేలమీద చిందేది కాదు, కింద వేసిన పీసీసీ బెడ్. అది సగటున ఒక్క సెంటీమీటరు దిగువకు ఉన్నా, ఇంత విస్తీర్ణంలో దాదాపు 2 క్యూబిక్ మీటర్లు అదనంగా పడుతుంది. ముందురోజే అడ్డంగా, నిలువుగా దారాలు కట్టి, అక్కడక్కడ లోతు కొలిచి సగటు తీస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. పంపు తొట్టిలోనూ పైపులోనూ మిగిలిపోయేది మరో క్యూబిక్ మీటరు. చిందడానికి, సెంట్రింగ్ పలకలు ఉబ్బడానికి ఇంకొకటి. వెరసి 89. లారీకి 6 క్యూబిక్ మీటర్ల చొప్పున 15 లారీలు.

ఇక పంపు సంగతి. దాని మీద రాసి ఉన్న సామర్థ్యం ఎంతైనా, లారీలు మారడం, పైపులు విప్పి జరపడం, వైబ్రేటర్ పట్టడం కలిస్తే గంటకు 20 క్యూబిక్ మీటర్లు అనుకోవడం క్షేమం. అంటే పోయడానికి నాలుగున్నర గంటలు. పైపులు బిగించడానికి, చివర కడగడానికి పట్టే సమయం వేరు. పైపును తడపడానికి మొదట పంపే సిమెంటు పాలను రాఫ్ట్‌లో పడనివ్వకుండా పక్కకు పట్టించాలి.

ఆ వేగంలో ఒక్కో లారీ ఖాళీ కావడానికి 18 నిమిషాలు. ప్లాంటులో నింపడానికి 10, రావడానికి 40, కడుక్కుని తిరిగి వెళ్లడానికి 35 నిమిషాలనుకుంటే ఒక లారీ చుట్టు తిరగడానికి 103 నిమిషాలు. కాబట్టి వరస తెగకుండా ఉండాలంటే ఆరు లారీలు ఈ పనిమీదే ఉండాలి. ఈ సంఖ్యను ప్లాంటువారితో ముందే ఒప్పించుకోండి. నాలుగే తిప్పితే పంపు ఖాళీగా నిలబడుతుంది. అప్పటికే పోసిన అంచు గట్టిపడితే కొత్త కాంక్రీట్ దానితో కలవదు. దాన్నే కోల్డ్ జాయింట్ అంటారు. పునాదిలో నీరు చొరబడడానికి అదే దారి.

అలాగని అన్నీ ఒకేసారి వచ్చి నిలబడినా ప్రమాదమే. లారీలో నింపిన రెండు గంటల్లోపు కాంక్రీట్ దించాలని భారత ప్రమాణం ఐఎస్ 4926 చెబుతోంది. గట్టిపడడాన్ని నెమ్మదింపజేసే రసాయనం కలిపితే అంతకుమించి వెసులుబాటు ఉండవచ్చు. ఆలస్యమైన లారీలో నీళ్లు పోసి పలచన చేస్తామంటే ఒప్పుకోవద్దు, బలం తగ్గిపోతుంది. ప్రతి చలానా మీద నింపిన సమయం, పరిమాణం చూసుకోండి. అనుమానం వస్తే కాటా వేయించండి. క్యూబిక్ మీటరు సుమారు 2,400 కిలోలు కాబట్టి 6 క్యూబిక్ మీటర్లు 14,400 కిలోల దగ్గర తూగాలి.

అసలు మెలకువ చివరి లారీ దగ్గర ఉంది. 14 లారీలు వరసగా పంపమనండి. పదిహేనోది మాత్రం మీరు ఫోన్ చేసేదాకా నింపవద్దని చెప్పండి. పదకొండోది ఖాళీ కాగానే మిగిలిన జాగాను టేపుతో కొలవండి. కాంక్రీట్ అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి వాలు మధ్య నుంచి కొలవాలి. పన్నెండున్నర అడుగుల పొడవు మిగిలిందనుకుందాం. 40 అడుగుల వెడల్పు, బెడ్ తేడాతో కలిపి 1.53 అడుగుల లోతు. అది దాదాపు 22 క్యూబిక్ మీటర్లు. పైపు అప్పటికే నిండి ఉంది కనుక చిందేదానికి అర కలిపితే చాలు. దారిలో ఉన్న మూడు లారీలు 18 తెస్తాయి. ఇంకా కావాల్సింది నాలుగున్నర, కాబట్టి 5 చెప్పండి. పదిహేనో లారీ వంతు రావడానికి ఇంకా 54 నిమిషాలుంది. నింపి రావడానికి 50 చాలు.

ఈ కొలత పదమూడో లారీ అయ్యాక తీసుకుంటే ఆలస్యమైపోతుంది. ఒక్క క్యూబిక్ మీటరు తగ్గినా, మళ్లీ లారీ వచ్చేసరికి అంచు గట్టిపడవచ్చు, లేదా ఎవరో అక్కడికక్కడే చేత్తో కలిపిన నాసి మాలు పోసేస్తారు. రాఫ్ట్ పోసే రోజున టేపు, ప్లాంటు నంబరున్న ఫోను పట్టుకుని ఒక మనిషి ఈ పనికే నిలబడాలి. ఆ పనిని మేస్త్రికి అదనంగా అప్పగించకండి.