పాత జీమెయిల్‌కు కావలసిన రెండు ఏర్పాట్లు

జీమెయిల్ 2004లో మొదలైంది. ఆ తొలి ఏళ్లలో తెరిచిన ఖాతాల్ని ఇప్పటికీ వాడుతున్నవారు మనలో చాలామందే ఉన్నారు. ఎల్‌ఐసీ రసీదులు, పింఛను కాగితాలు, పిల్లల పెళ్లి ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. కానీ ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. మన దేశంలో వాడకం ఆగి రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగాక టెలికాం కంపెనీ మరొకరికి ఇచ్చేయవచ్చు. అలాంటి నంబరే ఇంకా ఖాతాలో ఉంటే మీ కోడ్ వెళ్లేది ఎవరో తెలియని మనిషికి. అందుకే ముందు ఆ నంబరు మార్చండి. మార్చిన తర్వాత కూడా 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే అవకాశం ఉంటుంది కాబట్టి, పాత సిమ్ చేతిలో ఉండగానే ఆ పని చేసుకోవడం మేలు.

అసలు విషయం దీని తర్వాత ఉంది. ఖాతాకు మనం చేయవలసిన ఏర్పాట్లు రెండు, వీటిని చాలామంది ఒకటే అనుకుంటారు. ఒకటి మనకు తలుపు తెరుచుకోనప్పుడు సాయపడే మనిషిని పెట్టుకోవడం. రెండోది మనం ఖాతా వాడటం మానేశాక అందులోవి ఎవరికి అందాలో చెప్పి పెట్టడం.

కాకినాడలో రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉన్నారనుకుందాం. కూతురు హైదరాబాదులో, కొడుకు డాలస్‌లో. ఆయన myaccount.google.com తెరిచి, సెక్యూరిటీ విభాగంలో Recovery contacts దగ్గరకు వెళ్లి పేర్లు చేర్చవచ్చు. గూగుల్ 2025లో తెచ్చిన సదుపాయమిది. పది మంది వరకు పెట్టుకోవచ్చు, అవతలివాళ్లు ఒప్పుకోవాలి. రేపు పాస్‌వర్డ్ మరిచిపోయి, ఫోన్ కూడా పోతే, ఆయన స్క్రీన్ మీద ఒక సంఖ్య కనిపిస్తుంది. ఆయన కూతురికి ఫోన్ చేసి ఆ సంఖ్య చెప్పాలి. ఆమెకు వచ్చిన సందేశంలోని సంఖ్యల్లో దాన్నే ఎంచుకోవాలి. ఇంతా చేసినా ఆమెకు నాన్న మెయిళ్లు కనపడవు, ఖాతాలోకి వెళ్లే వీలూ ఉండదు.

ఈ పనికి 15 నిమిషాలే గడువు. కాకినాడలో మధ్యాహ్నం అయినప్పుడు డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. కొడుకును కూడా పెట్టుకోవచ్చు గానీ, ముందు ఉండవలసింది కూతురే. ఆమె కూడా ఒక నియమం పాటించాలి: వాట్సాప్‌లో ‘ఈ సంఖ్య నొక్కమ్మా’ అని వస్తే నొక్కకూడదు, నాన్న గొంతు ఫోన్‌లో విన్నాకే నొక్కాలి.

రెండో ఏర్పాటు పేరు Inactive Account Manager. myaccount.google.com/inactive దగ్గర ఉంటుంది. ఖాతాలో ఎంతకాలం అలికిడి లేకపోతే ముందుకు వెళ్లాలో అక్కడ చెప్పాలి: 3, 6, 12 లేదా 18 నెలలు. ఆ గడువుకు నెల ముందు నుంచే ఆయనకు మెసేజీలు, మెయిళ్లు వస్తాయి. ఆయన ఉండీ పట్టించుకోలేదేమో అని చూడటానికే ఇది. నా దృష్టిలో 6 నెలలు సరిపోతుంది. 3 పెడితే ఆసుపత్రి, విశ్రాంతి రోజుల్లోనే గడువు దగ్గరపడవచ్చు. 18 పెడితే ఇంట్లోవాళ్లు మరీ ఎక్కువకాలం వేచి ఉండాలి. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చన్నది 2023 నాటి నియమం కూడా.

తర్వాత ఎవరికి ఏది అన్నది. కూతురికి మెయిల్, డ్రైవ్, ఫొటోలు. కొడుకుకు ఫొటోలు మాత్రమే అని విడదీయవచ్చు. గడువు తీరాక వాళ్లకు మెయిల్ వెళుతుంది, డౌన్‌లోడ్ చేసుకోవడానికి 3 నెలలు ఉంటాయి. పాస్‌వర్డ్ రాదు. ఆ మెయిల్‌లో చేర్చవలసిన మాటలు ఆయన ఇప్పుడే రాసి పెట్టవచ్చు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డేటా ఇచ్చే ముందు గూగుల్ కూతుర్ని గుర్తుపట్టేది ఆయన రాసిన ఆమె ఫోన్ నంబరుతోనే. పేరు చేర్చినప్పుడు ఆమెకు కబురు వెళ్లదు కాబట్టి తన నంబరు మారినప్పుడు నాన్నకు చెప్పాలని ఆమెకు తోచకపోవచ్చు. కాబట్టి ‘అమ్మా, నీ నంబరు పెట్టాను, మారిస్తే చెప్పు’ అని ఆయనే చెప్పాలి. అలాగే పింఛను, బీమా కాగితాల్ని మెయిల్‌లోనే వదిలేయకుండా ఇంట్లో ప్రింటు ఉంచాలి. వాటితో పని మొదటి వారంలోనే పడుతుంది, ఆరు నెలలు ఎవరు ఆగుతారు?

చివరగా, గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. మనిషి ఖాతాలోకి రావడాన్నే కాదు, ఆండ్రాయిడ్ ఫోన్ తనంతట తాను గూగుల్‌తో మాట్లాడటాన్నీ అలికిడిగానే లెక్కిస్తారు. నాన్న పోయాక బంధువుల కాల్స్ వస్తాయని ఆయన ఫోన్‌ను రోజూ ఛార్జింగ్ పెడుతూ ఉంచితే ఆ 6 నెలలు మొదలే కావు, కూతురికి మెయిల్ రాదు. సిమ్ కావాలంటే దాన్ని వేరే ఫోన్‌లో వేసుకుని, ఆయన ఫోన్‌ను, ఆ ఖాతా ఉన్న టాబ్లెట్‌ను, ల్యాప్‌టాప్‌ను ఆపేయాలి. ఈ మాట కూతురికి, ఇంట్లో ఉండే ఆయన భార్యకు ఇప్పుడే తెలిసి ఉండాలి.