పట్టీ ఒకటైనా ఛార్జర్ వేరే కావచ్చు

సొరుగులో పాత ఫిట్‌నెస్ బ్యాండ్ దొరుకుతుంది. పెట్టె లేదు, ఛార్జర్ ఎప్పుడో పోయింది. తెర వెలగదు కాబట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మోడల్ పేరు చూసే దారీ లేదు. ఇక మిగిలిన ఆధారాలు రెండే: పట్టీ బిగిసే తీరు, వెనక మెరిసే లోహపు చుక్కలు.

మన దగ్గర లెక్కలేనంతమంది చేతికి కట్టిన షావోమి మి బ్యాండ్లనే తీసుకుందాం. 3, 4 బ్యాండ్లకు ఒకే పట్టీ సరిపోతుంది. ఛార్జర్లు మాత్రం వేరు. రెండింటికీ గోళీని పట్టీలోంచి ఊడదీసి చిన్న తొట్టిలాంటి ఛార్జర్‌లో కూర్చోబెట్టాలి, కానీ ఒకదాని తొట్టి ఇంకోదానికి పట్టదు. 5 నుంచి పద్ధతి మారింది: పట్టీ తీయనక్కర్లేదు, అయస్కాంతపు ఛార్జర్ వెనక నుంచి అతుక్కుంటుంది. 5, 6, 7 బ్యాండ్లకు అదే ఛార్జర్ నడుస్తుంది. కానీ 7 పట్టీ మొదటి రెండింటికీ సరిపోదు. అంటే పట్టీ చూసి ఛార్జర్ కొంటే దెబ్బతినే అవకాశం ఎక్కువ. పట్టీ వెతుకులాటను తగ్గిస్తుందే తప్ప తేల్చదు.

తేల్చేది మోడల్ నంబరు. గోళీ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చెమట మరకలు తుడిచి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూడాలి. XMSH07HM అని ఉంటే అది 4, XMSH10HM అని ఉంటే 5. ఫోన్ బ్లూటూత్ జాబితాలో పాత జత పేరు మిగిలి ఉన్నా పని అయిపోతుంది.

ఊరూపేరూ లేని గడియారాలతోనే అసలు చిక్కు. వాటిలో చాలావాటికి పట్టీ 20 లేదా 22 మిల్లీమీటర్లది, అది ఏ కంపెనీదైనా కావచ్చు. అప్పుడు వెనక ఉన్న రెండు చుక్కల మధ్య దూరం కొలవాలి, అంచుల నుంచి కాదు, ఒకదాని నడిమధ్య నుంచి ఇంకోదాని నడిమధ్యకు. బజారులో దొరికే రెండు పిన్నుల ఛార్జర్లలో 2.84, 4 మిల్లీమీటర్లవి ఎక్కువ. మామూలు స్కేలుతో ఆ తేడా పట్టుకోవడం కష్టమనిపిస్తే, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

కొలత కలిసినంత మాత్రాన సరిపోదు. ఏ పిన్ను ప్లస్సో, ఏది మైనస్సో కంపెనీని బట్టి మారుతుంది. అయస్కాంతం చక్కగా అతుక్కున్నా కరెంటు తిరగబడి ఉండొచ్చు, దానితో గడియారం పాడు కావచ్చు. అందుకే అదే మోడల్ పేరు రాసి ఉన్న ఛార్జర్‌నే అడగాలి.

చుక్కలే కనిపించకపోతే అది వైర్‌లెస్ రకం కావచ్చు. యాపిల్ వాచ్‌ను పోలిన నకళ్లలో పట్టీ అసలు దానిలాగే పక్క నుంచి జారినా, యాపిల్ ఛార్జర్ పని చేస్తుందన్న హామీ లేదు.

సరైనది దొరికాక మామూలు 5 వోల్టుల అడాప్టరుకే పెట్టండి. చుక్కల మీద పచ్చటి పొర పేరుకుని ఉంటే ముందు మెత్తని పొడి బ్రష్‌తో రుద్దాలి. నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ లేవడానికి కొంత సమయం తీసుకుంటుంది, వెంటనే ఛార్జర్ పనికిరాదనుకోకూడదు. ఈలోగా గడియారం వేడెక్కితే మాత్రం తక్షణం తీసేయాలి.