టికెట్‌లో రాయని పాత ఫోను

“లాగిన్ అవ్వట్లేదు. వెరీ అర్జెంట్. ప్లీజ్ హెల్ప్.” ఆఫీసుల్లో ఐటీ హెల్ప్‌డెస్క్‌కు తెల్లారితే వచ్చే టికెట్లలో ఎక్కువ భాగం ఈ బాపతే. ఇందులో అబద్ధం లేదు, పనికొచ్చే ముక్కా లేదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టారా, దాని గడువు తీరిందా, అకౌంట్ లాక్ అయిందా? మూడింటికీ తెరమీద వచ్చే వాక్యం వేరు, చేయాల్సిన పనీ వేరు.

ఒక పేరోల్ ఉద్యోగిని సంగతి ఊహించుకుందాం. సోమవారం పొద్దున ఆమె ల్యాప్‌టాప్ మీద కనబడిన వాక్యం ఇది:

```
The referenced account is currently locked out and may not be logged on to.
```

అంటే పాస్‌వర్డ్ తప్పని కాదు, అకౌంట్‌కే తాళం పడిందని. కంపెనీ పెట్టిన పరిమితిని మించి తప్పు పాస్‌వర్డ్‌లు వస్తే, ఎవరో ఊహించి కొడుతున్నారేమోనని సిస్టమ్ దానంతట అదే లాక్ వేస్తుంది. ఆమె టికెట్‌లో “లాగిన్ అవ్వట్లేదు” అనే రాసింది. హెల్ప్‌డెస్క్‌లో కుర్రాడు అన్‌లాక్ చేసి టికెట్ మూసేశాడు. గంట తిరక్కుండానే మళ్లీ లాక్. మళ్లీ టికెట్, మళ్లీ అన్‌లాక్. మధ్యాహ్నానికి ఇద్దరికీ విసుగొచ్చింది.

ఆమె దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది, కానీ చెప్పాలని తోచలేదు. ల్యాప్‌టాప్ మూసేసి భోజనానికి వెళ్లొచ్చేసరికి కూడా లాక్ పడి ఉంది. ఆమె ఏమీ టైప్ చేయలేదంటే, తప్పు పాస్‌వర్డ్ ఇంకెక్కడి నుంచో వస్తోందన్న మాట.

విండోస్ నెట్‌వర్క్‌లో లాక్ పడ్డప్పుడల్లా డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్‌లో 4740 నంబరుతో ఒక నమోదు పడేలా పెడతారు. ప్రయత్నం ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. ఆమె ల్యాప్‌టాప్ పేరే ఉంటే, అందులో దాచుకున్న పాత పాస్‌వర్డ్‌లు వెతికి తీసేస్తే సరిపోయేది. కానీ ఇక్కడ కంపెనీ సొంత మెయిల్ సర్వర్ పేరు కనబడింది. మెయిల్ సర్వర్‌ను తడుతున్న పరికరం ఏదో తెలియాలంటే ఆ సర్వర్ లాగ్‌లు విడిగా తవ్వాలి. మొదటి వరస సిబ్బందికి చాలాచోట్ల ఆ అధికారం ఉండదు. ఆ పరికరం ఏదో యూజర్ ఒక్క ముక్కలో చెప్పగలరు. అందుకే “ఈ మధ్య ఏం మారింది?” అని అడుగుతారు. “ఏమీ మారలేదండీ” అని అందరూ అనేస్తారు, ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే తలచుకుని. ఆమె ఆదివారం బీరువాలోంచి తీసి, ఛార్జింగ్ పెట్టి, ఆటలకోసం పిల్లాడికిచ్చిన పాత ఫోనులో ఆఫీసు మెయిల్ ఇంకా ఉంది. అందులో ఉన్నది ఎన్నో మార్పుల కిందటి పాస్‌వర్డ్.

ఆమె టికెట్ ఇలా ఉండాల్సింది: “సోమవారం 9:10 నుంచి అకౌంట్ లాక్ అవుతోంది. తెరమీది మెసేజ్ ఫొటో జత చేశాను. అన్‌లాక్ చేశాక దాదాపు గంటకు మళ్లీ పడుతోంది, ల్యాప్‌టాప్ మూసి ఉన్నా సరే. రీస్టార్ట్ చేశాను, పాస్‌వర్డ్ ఒకసారి మార్చాను, తేడా లేదు. పక్క సీటు వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. నా ఆఫీసు మెయిల్ రెండు ఫోన్లలో ఉంది, పాతది నిన్ననే ఆన్ చేశాం.” ఇది చదివినవాడు ముందు ఆ ఫోనులోంచి మెయిల్ తీయించేస్తాడు. ఏం ప్రయత్నించారో రాయడం చేసిందే మళ్లీ చేయించకుండా ఉండటానికి మాత్రమే కాదు. గుర్తులేని పాస్‌వర్డ్‌ను పదేపదే కొడితే ఆ ప్రయత్నాలే కొత్త లాక్ తెస్తాయి, అసలు కారణం వాటి కింద దాక్కుంటుంది. పాస్‌వర్డ్ మాత్రం టికెట్‌లో ఎప్పుడూ రాయొద్దు. ఆ టికెట్ చాలామందికి కనబడుతుంది.

ఇక “అర్జెంట్” మాట. హెల్ప్‌డెస్క్ ప్రాధాన్యం నిర్ణయించేది ఎంతమందికి దెబ్బ, ఎంతసేపు ఆగగలదు అన్న రెండింటిని కలిపి. “సాయంత్రం 4 లోపు జీతాల ఫైల్ బ్యాంకుకు ఎక్కించాలి. దాటితే 140 మంది జీతాలు రేపటికి పోతాయి. ఎక్కించే అనుమతి నాకొక్కదానికే ఉంది” అని రాస్తే, అర్జెంట్ అన్న మాటే అక్కర్లేదు. అలాంటిదేమీ లేనప్పుడు “రేపు మధ్యాహ్నంలోపు చాలు” అని రాయడం కూడా మంచిదే. నిజంగా తొందరున్న రోజున మీ మాటకు విలువుంటుంది.

ఈలోగా ఫైల్ ఆగకూడదంటే సహోద్యోగికి తాత్కాలిక అనుమతి అడగాలి. తన పాస్‌వర్డ్ చెప్పి పని కానివ్వడం కాదు. ఇది వేరే టికెట్, ఎందుకంటే దీన్ని ఐటీవాళ్లు తమంతట తాము ఇవ్వలేరు, మేనేజర్ ఆమోదం జతపడాలి. ఏ అప్లికేషన్, చూడటానికా, ఎక్కించడానికా, ఏ తేదీ వరకు అన్నవి అందులో ఉండాలి. “ఆమెకు ఏమేం ఉన్నాయో నాకూ అవే ఇవ్వండి” అని అడిగితే ఆమోదించేవాళ్లకు ఏం ఇస్తున్నామో తెలియక అక్కడే ఆగుతుంది. “జీతాల ఫైల్ ఎక్కించే అనుమతి, ఈ సాయంత్రం 6 వరకు” అంటే మేనేజర్ ఫోనులోనే చూసి సరేననగలడు.